గేముల్లో తెలుగు ఒత్తులు ఎందుకు విడిపోతాయి?

ఒక గేమ్ తెరిచి, భాషల జాబితాలో తెలుగును ఎంచుకున్నాక కొన్నిసార్లు వింత రాత ఎదురవుతుంది. సెట్టింగుల పేజీలో ‘పూర్తి స్క్రీన్’ అని ఉండాల్సిన చోట ‘పూర్‌తి స్‌క్‌రీన్’ అని కనిపిస్తుంది. ‘క్ష’ రెండు ముక్కలై పక్కపక్కన నిలబడుతుంది. తలకట్టు చెరగకుండానే దాని మీద గుడి ఎక్కి కూర్చుంటుంది. చదవడం అలవాటైన పెద్దవాళ్లు తడుముకుంటూనైనా అర్థం చేసుకుంటారు. అప్పుడప్పుడే ఒత్తులు నేర్చుకుంటున్న పిల్లలు మాత్రం అక్కడే ఆగిపోతారు.

ఇది చూసిన వాళ్లు మొదట అనువాదకులను తప్పుపడతారు. అయితే అనువాదకులు పంపిన ఫైలును బ్రౌజర్‌లో తెరిస్తే అదే పదం ఏ లోపమూ లేకుండా కనిపిస్తుంది. తెలుగు ఫాంట్ లేదేమో అనుకుంటే, అక్షరాలు కనిపిస్తున్నాయంటేనే ఫాంట్ ఉన్నట్టు లెక్క. పదం సరైనదే, ఫాంటూ ఉంది, అయినా రాత విరిగింది. ఈ రెండింటి మధ్య జరగాల్సిన ‘షేపింగ్’ అనే పని జరగకపోవడమే అందుకు కారణం. అక్షరాల వరుసను తీసుకుని తెరపై గీయాల్సిన ఆకారాలను నిర్ణయించే దశను షేపింగ్ అంటారు.

కోడ్‌లో ఒత్తు ఉండదు

కంప్యూటర్లలో తెలుగును భద్రపరిచే యూనికోడ్ పట్టికలో మన లిపికి 0C00 నుంచి 0C7F వరకు 128 స్థానాలు కేటాయించారు. అచ్చులు, హల్లులు, గుణింతపు గుర్తులు, సున్నా, విసర్గ, అంకెలు అందులో ఉంటాయి. క ఒత్తు, ర ఒత్తు, త ఒత్తు మాత్రం ఎక్కడా కనిపించవు. ఒత్తులకు విడిగా కోడ్ లేదు. హల్లుకు ముందు పొల్లు గుర్తు వస్తే ఆ హల్లు ఒత్తుగా మారాలన్నది ఒప్పందం. భారతీయ లిపుల కోసం అంతకుముందే రూపొందిన ‘ఇస్కీ’ ప్రమాణం నుంచి యూనికోడ్‌కు వచ్చిన పద్ధతి ఇది. పలికే క్రమంలోనే అక్షరాలను దాచుకుంటే వెతకడం, అకారాది క్రమంలో పేర్చడం సులువవుతాయి.

‘స్క్రీన్’ అనే పదాన్నే తీసుకుందాం. కంటికి అందులో రెండే అక్షరాలు కనిపిస్తాయి: స్క్రీ, న్. ఫైలులో మాత్రం అది ఎనిమిది కోడ్‌ల వరుస:

```
0C38 0C4D 0C15 0C4D 0C30 0C40 0C28 0C4D
```

వరసగా చదివితే స, పొల్లు, క, పొల్లు, ర, గుడిదీర్ఘం, న, పొల్లు. ఇందులో రెండు విషయాలు గమనించాలి. ఒకటి, 0C4D అనే పొల్లు మూడుసార్లు వచ్చినా తెరపై పొల్లుగా కనిపించాల్సింది చివర ‘న్’లో మాత్రమే. మిగతా రెండు చోట్లా అది తాను కనిపించకుండా తర్వాతి హల్లును ఒత్తుగా మార్చాలి. రెండోది, గుడిదీర్ఘం వరుసలో ‘ర’ తర్వాత వచ్చింది. రాతలో దాని చోటు ‘స’ మీద. అంటే అది మధ్యలో ఉన్న హల్లులన్నింటినీ దాటి వెనక్కి వెళ్లాలి.

షేపింగ్ చేసే పని

బ్రౌజర్, ఫోన్ కీబోర్డు, వర్డ్ ప్రాసెసర్ ఈ మార్పులను మనకు తెలియకుండానే చేసేస్తాయి. ఆండ్రాయిడ్, క్రోమ్, ఫైర్‌ఫాక్స్, లిబ్రేఆఫీస్‌లలో ఈ పని చేసేది ‘హార్ఫ్‌బజ్’ అనే ఓపెన్ సోర్స్ లైబ్రరీ. ‘స్క్రీన్’ దాని చేతికి వచ్చినప్పుడు స్థూలంగా నాలుగు పనులు జరుగుతాయి.

మొదట వరుసను అక్షరాలుగా విడగొడుతుంది. స నుంచి గుడిదీర్ఘం వరకు ఒక గుంపు, న, పొల్లు మరో గుంపు. తర్వాత ఆ గుంపులో నిలబడే హల్లు ఏదో, ఒత్తులయ్యే హల్లులు ఏవో తేలుస్తుంది. తెలుగులో మొదటి హల్లు నిలబడుతుంది, మిగతావి కిందికి దిగుతాయి. దాంతోపాటే గుడిదీర్ఘాన్ని తెచ్చి స పక్కన పెడుతుంది.

మూడో పని ఫాంట్ సాయంతో జరుగుతుంది. ఫాంట్ ఫైలులో బొమ్మలతో పాటు మార్పిడి నియమాల పట్టిక కూడా ఉంటుంది. పొల్లు, క కలిసి వస్తే క ఒత్తు బొమ్మ వాడాలని, పొల్లు, ర కలిసి వస్తే ర ఒత్తు వాడాలని, స మీద గుడిదీర్ఘం వస్తే తలకట్టు తీసేసిన ‘సీ’ బొమ్మ వాడాలని అందులో రాసి ఉంటుంది. ఒత్తుల నియమాలు `blwf` అనే గుర్తు కింద, ‘క్ష’ లాంటి ప్రత్యేక జంటల నియమాలు `akhn` అనే గుర్తు కింద ఉంటాయి. చివరిగా ఏ బొమ్మను ఎంత కిందికి, ఎంత పక్కకు జరపాలో చూసి వాటి స్థానాలను నిర్ణయిస్తుంది.

ఇదంతా పూర్తయ్యేసరికి ఎనిమిది కోడ్‌లు కొన్ని బొమ్మలుగా తేలతాయి. ఒక మామూలు ఫాంట్‌లో సీ, క ఒత్తు, ర ఒత్తు, న్ అని నాలుగే మిగలవచ్చు. ఫాంట్ తయారుచేసిన తీరును బట్టి ఈ సంఖ్య మారుతుంది. త, న, మ, య, ర, ల వంటి హల్లుల ఒత్తులకు అసలు అక్షరంతో పోలికే ఉండదు. కాబట్టి హల్లు బొమ్మనే చిన్నది చేసి కింద పెడితే సరిపోదు. ఆ ఒత్తును ఫాంట్‌లో విడిగా గీసి ఉంచాల్సిందే.

గేమ్ ఇంజిన్ ఎక్కడ ఆగిపోతుంది

గేమ్ సెకనుకు 30 నుంచి 60 సార్లు, కొన్నిసార్లు అంతకన్నా ఎక్కువగా తెరను తిరిగి గీస్తుంది. ప్రతిసారీ అక్షరాల వంపులను కొత్తగా లెక్కకట్టడం భారం. అందుకే చాలా ఇంజిన్లు కావాల్సిన అక్షరాలన్నింటినీ ముందే ఒక పెద్ద బొమ్మలో వరుసగా అచ్చు వేసి పెట్టుకుంటాయి. దాన్ని అట్లాస్ అంటారు. పక్కనే ఒక పట్టిక ఉంటుంది: ఈ కోడ్ వస్తే అట్లాస్‌లో ఫలానా చోట ఉన్న ముక్కను అతికించు, ఇంత జరిగి తర్వాతి ముక్కను అతికించు. ఇంగ్లిష్‌కు మామూలుగా కావాల్సిన 95 గుర్తులకు ఈ ఏర్పాటు చక్కగా సరిపోతుంది.

చైనీస్‌కూ సరిపోతుంది. అక్కడ వేల అక్షరాలున్నా ఒక కోడ్‌కు ఒక బొమ్మ అనే సూత్రం చెదరదు. అట్లాస్ పెద్దదవుతుంది, అంతే. అందువల్ల చైనీస్, జపనీస్‌లలో తమ గేమ్ బాగానే నడుస్తున్నప్పుడు తెలుగు మాత్రం ఎందుకు విరుగుతుందో తయారీదారులకు ఒక పట్టాన అర్థం కాదు. యూనికోడ్‌లోని అన్ని గుర్తులనూ చదవగలగడం ఒక సామర్థ్యం, వాటిని కలిపి అల్లగలగడం మరొకటి. తెలుగు, కన్నడం, మలయాళం, హిందీ, బంగ్లా వంటి లిపులకు రెండూ కావాలి.

యూనిటీ ఇంజిన్‌లో ఎక్కువగా వాడే టెక్స్ట్‌మెష్ ప్రోలో తెలుగు అట్లాస్ ఎలా తయారవుతుందో చూస్తే తప్పు ఎక్కడ దూరుతుందో తెలుస్తుంది. తయారీదారు ఒక తెలుగు ఫాంట్‌ను ఎంచుకుని, అట్లాస్‌లోకి రావాల్సిన కోడ్‌ల పరిధి అడిగే గడిలో `0C00-0C7F` అని ఇస్తాడు. చూడటానికి అది సరైన పనే. తెలుగు పట్టిక మొత్తం అదే కదా. కానీ ఒత్తులకు కోడ్‌లు లేవు. ఫాంట్ లోపల వాటికి వరుస సంఖ్యలు మాత్రమే ఉంటాయి. అలాగే సీ, కి, న్ వంటి కలిసిపోయిన బొమ్మలకూ కోడ్‌లు లేవు. కోడ్‌ల జాబితా పట్టుకుని బొమ్మలు ఏరుకుంటే ఇవేవీ అట్లాస్‌లోకి రావు. ఫాంట్‌లో వందల కొద్దీ తెలుగు బొమ్మలున్నా వంద వరకే అచ్చవుతాయి.

ఆట మొదలయ్యాక ఇంజిన్ ‘స్క్రీన్’లోని ఎనిమిది కోడ్‌లకు ఎనిమిది ముక్కలు అతికిస్తుంది. స తలకట్టుతోనే ఉంటుంది. పొల్లు గుర్తు దాని పక్కన గానీ, కొన్ని ఫాంట్లలో ఆ గుర్తుకు సొంత వెడల్పు ఉండదు కాబట్టి తలకట్టు మీద గానీ పడుతుంది. క, ర నిండు అక్షరాలుగా మిగిలిపోతాయి. గుడిదీర్ఘం స మీదికి వెళ్లకుండా ర దగ్గరే ఉండిపోతుంది. ఒత్తులు లేని మామూలు గుణింతం కూడా దెబ్బతింటుంది. ‘కి’ రాయాల్సిన చోట క తలకట్టూ గుడీ రెండూ కనిపిస్తాయి.

విరుపును చూసి కారణం చెప్పవచ్చు

తెలుగు సరిగా రావడం లేదని మాత్రమే ఫిర్యాదు వెళితే, తెలుగు చదవలేని ప్రోగ్రామర్ ఏం చేయాలో తోచక ఫాంట్ మార్చి చూస్తాడు. నిజానికి రాత నాలుగు రకాలుగా చెడుతుంది. ఒక్కో రకం ఒక్కో కారణాన్ని పట్టిస్తుంది.

అక్షరాలకు బదులు ఖాళీ డబ్బాలు వస్తే బొమ్మ లేదని అర్థం. ఫాంట్‌లో తెలుగు లేకపోవచ్చు, లేదా అట్లాస్‌లో అచ్చు కాకపోయి ఉండవచ్చు. పదమంతా బాగానే ఉండి మధ్యలో ఒకే ఒక డబ్బా కనిపిస్తే కారణం మరొకటి కావచ్చు. ‘సెట్టింగ్‌లు’ అని రాసేటప్పుడు గ్ తర్వాత కంటికి కనిపించని ఒక గుర్తు పెడతారు. దాని కోడ్ U+200C. గ కింద ల ఒత్తు చేరకుండా ఆపడమే దాని పని. షేపింగ్ ఉన్న చోట అది పని ముగించి మాయమవుతుంది. షేపింగ్ లేని ఇంజిన్ దానికీ ఒక బొమ్మ కోసం వెతికి, దొరక్క డబ్బా గీస్తుంది.

నిండు హల్లులు, పక్కన పొల్లులు వరసగా కనిపిస్తే షేపింగ్ అసలు జరగలేదు. ఇక్కడ ఫాంట్ ఎన్నిసార్లు మార్చినా ఫలితం ఉండదు.

చుక్కలతో గీసిన చిన్న వృత్తం, దాని మీద గుడో కొమ్మో కనిపిస్తే పరిస్థితి వేరు. ఆ వృత్తాన్ని సాధారణంగా షేపింగ్ లైబ్రరీయే గీస్తుంది, తనకు హల్లు లేని గుణింతపు గుర్తు మాత్రమే అందిందని చెప్పడానికి. అంటే షేపింగ్ ఉంది, కానీ అక్షరం దాని దాకా రాకముందే ఎవరో దాన్ని మధ్యలో కోశారు. పంక్తి చివర పదాన్ని విరిచిన కోడ్‌లోనో, పదంలో కొంత భాగానికి రంగు వేసిన కోడ్‌లోనో లోపం వెతకాలి.

ఇక ఒత్తులు సరిగానే వచ్చి కింది భాగం తెగిపోతే అది కొలతల సమస్య. ఇంగ్లిష్ అక్షరాల ఎత్తుకు సరిపోయేలా చేసిన బటన్‌లో ‘స్క్రీ’, ‘ష్ట్ర’ లాంటి అక్షరాల రెండో ఒత్తుకు చోటు ఉండదు. ఆయుధాల జాబితాలో ‘విల్లు’ ‘విలు’గా, ‘బల్లెం’ ‘బలెం’గా కనిపిస్తే ముందు పంక్తి ఎత్తు పెంచి చూడాలి.

అడ్డదారి, దాని ఖరీదు

షేపింగ్ లేని ఇంజిన్‌తోనే పని నెట్టుకురావాల్సి వస్తే చాలామంది ఒక అడ్డదారి పడతారు. యూనికోడ్ పట్టికలో E000 నుంచి F8FF వరకు 6,400 స్థానాలు ఎవరికీ కేటాయించకుండా సొంత అవసరాలకు వదిలేశారు. ఫాంట్‌ను సవరించి ఒత్తులకు, కలిసిపోయిన బొమ్మలకు ఈ స్థానాల్లో కోడ్‌లు ఇస్తారు. గేమ్‌లోని వాక్యాలన్నింటికీ ముందే షేపింగ్ చేసి, ఫలితాన్ని ఆ కొత్త కోడ్‌లుగా మార్చి దాచుతారు. ఇప్పుడు ఒక కోడ్‌కు ఒక బొమ్మే కాబట్టి ఇంజిన్‌కు ఇబ్బంది ఉండదు. యూనికోడ్ రాకముందు తెలుగు పత్రికలు, డీటీపీ కేంద్రాలు వాడిన ఫాంట్ల కిటుకూ దాదాపు ఇదే. అప్పట్లో ఇంగ్లిష్ అక్షరాల స్థానాల్లో తెలుగు ముక్కలను కూర్చేవారు.

అరబిక్‌కు ఇలాంటి పని ఇంకా తేలిక. అక్షరం పదం మొదట్లో, మధ్యలో, చివర ఉన్నప్పుడు మారే రూపాలకు యూనికోడ్‌లోనే పాత అవసరాల కోసం కోడ్‌లు ఇచ్చి ఉన్నాయి. తెలుగు ఒత్తులకు అలాంటి ఏర్పాటు లేదు. అందుకే అరబిక్ కోసం దొరికే ప్లగిన్ తెలుగుకు పనికిరాదు.

మారని మెనూలకు ఈ దారి పనిచేస్తుంది. ఆటగాడు తన పేరును తెలుగులో టైపు చేసినా, చాట్‌లో రాసినా మళ్లీ మొదటికే వస్తుంది. అక్కడ వచ్చే కోడ్‌లు మామూలు యూనికోడ్‌వి. మార్చిన పాఠంలో వెతకడం కుదరదు. చూపు లేనివారి కోసం తెరను చదివి వినిపించే సాఫ్ట్‌వేర్‌కు ఆ కోడ్‌లు అర్థం కావు. ఫాంట్ మార్చాలంటే మొత్తం పని మళ్లీ చేయాలి. కొన్నిసార్లు ఇంతకన్నా సులువని ఒత్తులు లేని మాటలు వెతికి పెట్టమని అనువాదకులనే అడుగుతారు. అప్పుడు భాషే ఇంజిన్‌కు తగ్గట్టు కుదించుకోవాల్సి వస్తుంది.

షేపింగ్ వచ్చాక కూడా మిగిలేవి

ఇంజిన్లలో ఈ లోటు క్రమంగా పూడుతోంది. ఓపెన్ సోర్స్ ఇంజిన్ గోడో 2023 మార్చిలో విడుదలైన 4.0 వెర్షన్‌తో హార్ఫ్‌బజ్‌ను లోపలికి తెచ్చుకుంది. అంతకుముందు 3వ తరం వెర్షన్లలో తెలుగు విరిగేది. అన్‌రియల్ ఇంజిన్‌లో పాఠానికి షేపింగ్ పద్ధతిని ఎంచుకునే వీలుంది. అక్కడ `Kerning Only` ఎంచుకుంటే అక్షరాల మధ్య ఎడం మాత్రమే సరిచూస్తుంది, `Full Shaping` ఎంచుకుంటే ఒత్తులు అల్లుతుంది. యూనిటీ 6లోనూ హార్ఫ్‌బజ్ ఆధారిత కొత్త పాఠ వ్యవస్థ వచ్చింది. అయితే పాత వ్యవస్థ మీద కట్టిన గేమ్ దానికదే బాగుపడదు. గోడో 4లో కూడా పరిమాణం తగ్గించడానికి తేలికపాటి పాఠ వ్యవస్థను ఎంచుకుని గేమ్ తయారుచేస్తే ఒత్తులు మళ్లీ విడిపోతాయి.

షేపింగ్ సరిగా ఉన్నా అక్షరం అంటే ఏమిటో లెక్కపెట్టే చోట మరో చిక్కు ఉంది. కథా సన్నివేశాల్లో మాటలను టైపు చేస్తున్నట్టు ఒక్కో అక్షరంగా చూపే గేములు చాలా ఉన్నాయి. కోడ్ తర్వాత కోడ్ చూపిస్తే ‘స్క్రీ’ తయారయ్యే లోపు స, స్, స్క, స్క్, స్క్ర అని ఐదు రూపాలు మెరిసి మాయమవుతాయి. దీన్ని తప్పించడానికి కోడ్‌లను అక్షరాలుగా గుంపు కట్టే నియమాలను యూనికోడ్ ఇచ్చింది. కానీ ఆ నియమాలు కూడా 2023 వరకు ‘స్క్రీ’ని స్, క్, రీ అని మూడుగానే లెక్కించేవి. ఆ సంవత్సరం వచ్చిన యూనికోడ్ 15.1లో తెలుగు, హిందీ, బంగ్లా, గుజరాతీ, ఒడియా, మలయాళ లిపుల సంయుక్తాక్షరాలను విడదీయకూడదన్న నియమం చేరింది. పాత లైబ్రరీలు వాడే గేముల్లో ఇంకా పాత లెక్కే నడుస్తుంది.

ఆటగాడి పేరుకు పెట్టే హద్దు కూడా ఇలాంటిదే. ఎక్కువగా వాడే యూటీఎఫ్-8 పద్ధతిలో ఒక్కో తెలుగు కోడ్‌కు 3 బైట్లు పడతాయి. రెండక్షరాల ‘స్క్రీన్’కు 24 బైట్లు కావాలి. పేరు 16 బైట్లు దాటకూడదని కోసే గేమ్‌లో 5 కోడ్‌లకు 15 బైట్లు పోయి, ఆరో కోడ్‌లో ఒక్క బైటు మిగులుతుంది. తెరపై ‘స్క్ర’, దాని పక్కన ప్రశ్నార్థకం ఉన్న నల్లని వజ్రం గుర్తు కనిపిస్తాయి.

తెలుగు రాని వాళ్లూ పట్టుకోగలిగే పరీక్ష

ఈ లోపాలు విడుదల దాకా బయటపడకపోవడానికి కారణం, అనువాదాన్ని స్ప్రెడ్‌షీట్‌లో సరిచూడటం, గేమ్‌ను తెలుగు రానివాళ్లు పరీక్షించడం. స్ప్రెడ్‌షీట్ తెరిచే బ్రౌజర్ షేపింగ్ చేస్తుంది కాబట్టి అక్కడ అంతా బాగుంటుంది. గేమ్‌లో చూసేవాళ్లకు విరిగిన తెలుగుకూ విరగని తెలుగుకూ తేడా తెలియదు.

దీనికి ఒక చిన్న వరుస చాలు: ‘స్క్రీన్, క్ష, జ్ఞా, కై, రాష్ట్రం, సెట్టింగ్‌లు’. స్క్రీన్‌లో ఒత్తులు, గుడిదీర్ఘం వెనక్కి జరగడం, చివరి పొల్లు మూడూ తేలిపోతాయి. ‘కై’లో గుర్తు సగం పైన, సగం కింద పడాలి. రాష్ట్రం పంక్తి ఎత్తును, సెట్టింగ్‌లు కనిపించని గుర్తును పరీక్షిస్తాయి. గేమ్‌లో వాడే ఫాంట్‌తోనే హార్ఫ్‌బజ్ ఈ వరుసను ఎలా గీస్తుందో చూడటానికి ఒక ఆదేశం ఉంది:

```
hb-view NotoSansTelugu-Regular.ttf "స్క్రీన్, క్ష, జ్ఞా, కై, రాష్ట్రం, సెట్టింగ్‌లు" -o test.png
```

ఇది ఇచ్చే బొమ్మను గేమ్ తెర పక్కన పెట్టి పోల్చాలి. బొమ్మ బాగుండి గేమ్‌లో విరిగితే లోపం ఇంజిన్‌ది లేదా అట్లాస్‌ది. బొమ్మలోనే విరిగితే ఫాంట్‌లో ఒత్తుల నియమాలు లేవని అర్థం, దాన్ని మార్చాలి. ఫిర్యాదు పంపే ఆటగాళ్లు కూడా విరిగిన తెర ఫొటోతో పాటు అదే పదం ఫోన్‌లో సరిగా కనిపించే ఫొటోను జతచేస్తే, తెలుగు చదవలేని ప్రోగ్రామర్‌కు సైతం రెండింటి మధ్య తేడా కళ్లకు కడుతుంది.